వేసుకోవచ్చా, వేసుకోవద్దా: మాటను అక్షరాల్లోకి మార్చే యంత్రం ఎక్కడ తడబడుతుంది

"జ్వరం తగ్గాక ఈ మాత్ర వేసుకోవద్దు" అని ఒకరు ఫోన్‌లో చెప్పారనుకుందాం. ఆ మాటల్ని అక్షరాల్లోకి మార్చే స్పీచ్ టు టెక్స్ట్ సిస్టమ్ దాన్ని "జ్వరం తగ్గాక ఈ మాత్ర వేసుకోవచ్చు" అని రాసింది. అక్షరదోషం లేదు, వ్యాకరణదోషం లేదు. చదివినవాళ్లకు అనుమానం కూడా రాదు. అర్థం మాత్రం పూర్తిగా తిరగబడింది.

ఇలాంటి తప్పు చూడగానే "దానికి చెవులు సరిగా వినపడలేదు" అంటాం. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, సరిగా వినపడని చోట అది ఖాళీ వదలదు. అలాంటి వాక్యంలో మామూలుగా ఏ మాట వస్తుందో ఊహించి ఆ ఖాళీ నింపేస్తుంది. యాస వల్ల వచ్చే తప్పుల్లోనూ, చుట్టూ ఉన్న రణగొణ వల్ల వచ్చే తప్పుల్లోనూ ఈ ఊహకు పాత్ర ఉంది. చిత్రం ఏమిటంటే, ఈ సిస్టమ్‌లు అంత బాగా పనిచేయడానికి కారణం కూడా అదే ఊహ.

ధ్వని నుంచి అక్షరం దాకా

మైక్ చేసే పని ఒక్కటే. గాలి ఒత్తిడి ఎలా మారుతోందో కొలుస్తుంది. స్పీచ్ టు టెక్స్ట్ కోసం సాధారణంగా సెకనుకు 16,000 సార్లు కొలుస్తారు. అలా వచ్చిన అంకెల వరుసను సిస్టమ్ 25 మిల్లీసెకన్ల చిన్న ముక్కలుగా తీసుకుంటుంది. ఒక ముక్క మొదలైన 10 మిల్లీసెకన్లకే ఇంకో ముక్క మొదలవుతుంది, అంటే ముక్కలు ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి. ఈ లెక్కన ఒక సెకను మాటకు సుమారు 100 ముక్కలు.

ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత శక్తి ఉందో చూస్తారు. కింది స్థాయి గరగర నుంచి పైస్థాయి ఈల లాంటి శబ్దం దాకా ఉన్న పరిధిని చాలా సిస్టమ్‌లు 80 పట్టీలుగా విడగొడతాయి. మన చెవి కింది ఫ్రీక్వెన్సీల్లో చిన్న తేడాలు కూడా పట్టుకుంటుంది, పైన అంతగా పట్టించుకోదు. అందుకే ఈ పట్టీలు కూడా కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటాయి. ఇదంతా పక్కపక్కన పేర్చితే ఒక బొమ్మ తయారవుతుంది. దాన్ని స్పెక్ట్రోగ్రామ్ అంటారు. సిస్టమ్ చూసేది ఈ బొమ్మనే. అందులో మాట, ఫ్యాన్ చప్పుడు, పక్కగదిలో టీవీ అన్నీ ఒకే సిరాతో గీసి ఉంటాయి. ఏది మాట, ఏది కాదు అని ఎవరూ గుర్తు పెట్టి ఇవ్వరు.

ఆ బొమ్మను చదివి అక్షరాల ముక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి రాసేది న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఎన్నో ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్. పాత సిస్టమ్‌లలో ఈ పనికి వేరువేరు భాగాలు ఉండేవి. ధ్వనిని గుర్తించే మోడల్ ఒకటి, ఏ మాటను ఎలా పలుకుతారో చెప్పే నిఘంటువు ఒకటి, ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో చెప్పే లాంగ్వేజ్ మోడల్ ఒకటి. ఇప్పుడు చాలావరకు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో కలిసిపోయాయి. అయినా లోపల జరిగేవి రెండు పనులే. ధ్వని ఏమంటోంది? భాష ఏమంటోంది? ఈ రెండు సాక్ష్యాల్నీ కలిపి, ఎక్కువ మొగ్గు ఎటుంటే అటు తీర్పు ఇస్తుంది.

మన వాక్యంలో "వేసుకోవ" దాకా చిక్కు లేదు. చివర "చ్చు"నా, "ద్దు"నా అన్నదే ప్రశ్న. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇలాంటి వాక్యాల్లో "వేసుకోవచ్చు" అనేది "వేసుకోవద్దు" కంటే మూడు రెట్లు ఎక్కువగా వస్తుందని సిస్టమ్ నేర్చుకుని ఉందనుకోండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, నోటి దగ్గర మైక్ పెట్టుకుని చెబితే ధ్వని సాక్ష్యం "ద్దు" వైపు ముప్పై రెట్లు బలంగా ఉండవచ్చు. ముప్పైని మూడుతో భాగిస్తే పది. "ద్దు" పది రెట్ల మొగ్గుతో గెలుస్తుంది, సరైన మాటే వస్తుంది. అదే మాట గోల మధ్య చెబితే ధ్వని సాక్ష్యం "ద్దు" వైపు రెండు రెట్లకు పడిపోయిందనుకుందాం. ఇప్పుడు భాష వైపు ఉన్న మూడు రెట్లే ఎక్కువ. "చ్చు" గెలుస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండోసారి కూడా ధ్వని "ద్దు" అనే చెప్పింది. కాకపోతే గట్టిగా చెప్పలేకపోయింది.

మనిషి అయితే ఇక్కడ ఆగుతాడు. "వేసుకోవచ్చా, వద్దా?" అని మళ్లీ అడుగుతాడు. సిస్టమ్‌కు ఆ అవకాశం ఇవ్వలేదు. ఏదో ఒకటి రాయడమే దాని పని.

ఊహ మేలు చేసే చోట

భాష వైపు సాక్ష్యాన్ని చెడ్డదిగా చూడనక్కర్లేదు. మామూలు మాటల్లో చాలామంది ఒత్తులు పలకరు. "బోజనం" అంటారు, "దనం" అంటారు, "బాద" అంటారు. వినిపించింది వినిపించినట్టు రాస్తే ప్రతి వాక్యంలోనూ దోషాలే ఉంటాయి. మంచి సిస్టమ్ మాత్రం "భోజనం", "ధనం", "బాధ" అనే రాస్తుంది, ఎందుకంటే అది నేర్చుకున్న రాతలో ఆ మాటలు అలాగే ఉన్నాయి. శ, ష, స తేడా లేకుండా పలికినా "విశేషం" సరిగానే పడుతుంది. ఒకరు ళకారాన్ని లకారంలా పలికినా "రాత్రి కల వచ్చింది", "నాట్యం గొప్ప కళ" అన్న రెండు వాక్యాల్లోనూ పక్క మాటల్ని బట్టి సరైన అక్షరం ఎంచుకోగలదు.

అందుకే, ఒక్కరే మాట్లాడుతూ, నోటికి దగ్గరగా మైక్ పెట్టుకుని, అందరూ వాడే మాటలతో పూర్తి వాక్యాలు చెబితే ఫలితం నిజంగా ఆశ్చర్యపరుస్తుంది. ఇంగ్లీష్‌లో సిస్టమ్‌ల సత్తా కొలవడానికి 2015లో వచ్చిన లిబ్రిస్పీచ్ అనే సేకరణ ఉంది. జనం పుస్తకాలు పైకి చదివిన రికార్డింగులు అందులో సుమారు 1,000 గంటలు ఉన్నాయి. అందులోని తేలిక భాగం మీద మంచి సిస్టమ్‌లు నూటికి రెండు మాటల కంటే తక్కువే తప్పు రాస్తున్నాయి. అంత శ్రద్ధగా టైప్ చేయడం మనుషులకే కష్టం.

అయితే ఆ రికార్డింగుల్లో ఏముందో మరిచిపోకూడదు. చదివేవాళ్లు ముందే రాసి ఉన్న వాక్యాల్ని చదువుతున్నారు. మధ్యలో ఆగి మాట మార్చుకోరు, ఎదుటివాళ్ల మాటకు అడ్డు రారు, నవ్వుతూ మాట్లాడరు. ఆ రెండు శాతం అంకె చూసి, నలుగురు కూర్చున్న మీటింగ్‌లో కూడా అంతే వస్తుందని అనుకుంటే నిరాశ తప్పదు.

రణగొణ ఏం తినేస్తుంది

"చ్చు"కూ "ద్దు"కూ మధ్య తేడా ధ్వనిలో ఎక్కడుంటుందో చూస్తే, చప్పుడు ఎందుకు అంత నష్టం చేస్తుందో తెలుస్తుంది. రెండింటిలోనూ నాలుక ముందు గాలిని పూర్తిగా ఆపుతుంది. ద్విత్వం కాబట్టి ఆ ఆపడం కాస్త ఎక్కువసేపు, సెకనులో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. "ద్ద" సరళం. గాలి ఆగినా గొంతులోని స్వరతంత్రులు కంపిస్తూనే ఉంటాయి. మూసుకున్న నోటి గుండా ఆ కంపనం సన్నటి హుంకారంలా, 100, 200 హెర్ట్జ్‌ల ప్రాంతంలో బయటికి వస్తుంది. "చ్చ" పరుషం. ఆ సమయంలో గొంతు మౌనంగా ఉంటుంది. గాలి వదిలినప్పుడు మాత్రం రాపిడితో కూడిన శబ్దం వస్తుంది. దాని శక్తి ఎక్కువగా 2,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది.

అంటే ఒక మాట గుర్తు కింద ఉంది, ఇంకోదాని గుర్తు పైన ఉంది. రెండూ బలహీనమైనవే. అచ్చుల్లో ఉండే శక్తితో పోలిస్తే ఈ హల్లుల శబ్దం చాలా చిన్నది. ఇక ఫ్యాన్, ఏసీ, ఇంజిన్ లాంటివి కింది ఫ్రీక్వెన్సీల్లో గరగరమంటాయి. అవి "ద్ద" హుంకారాన్ని కప్పేస్తాయి. కుళాయి నీళ్లు, వాన, మైక్‌కు తగిలే గాలి పైన కూడా వ్యాపిస్తాయి. అవి "చ్చ" రాపిడిని కప్పేస్తాయి. మాట్లాడేవాళ్ల గొంతు మనకు స్పష్టంగానే వినిపిస్తున్నట్టు ఉంటుంది, ఎందుకంటే అచ్చులు చప్పుడు పైకి తేలి నిలబడతాయి. మాటను మాట నుంచి వేరు చేసే చిన్న హల్లులు మునిగిపోతాయి.

మామూలు ఫోన్ లైన్ ఇంకో సమస్య తెస్తుంది. పాత టెలిఫోన్ ప్రమాణం ప్రకారం సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ధ్వనే అటువైపు చేరుతుంది. "ద్ద" హుంకారం 300 కంటే కిందే ఉంది కదా, అది దారిలోనే పోతుంది. సకారం లాంటి శబ్దాల్లో ముఖ్యమైన భాగం 4,000 పైన ఉంటుంది, అదీ పోతుంది. అయినా ఫోన్‌లో మాటలు అర్థమవుతున్నాయంటే, ఒక్కో అక్షరానికి ఒకటి కంటే ఎక్కువ గుర్తులు ఉండటమే కారణం. హల్లుకు ముందూ వెనకా ఉన్న అచ్చు ఎలా వంగిందన్నది కూడా ఒక గుర్తే. ఫోన్ లైన్ కొన్ని గుర్తుల్ని తీసేస్తుంది, చప్పుడు మరికొన్నిటిని తీసేస్తుంది. రెండూ కలిసిన చోట మిగిలేది భాష ఊహ ఒక్కటే.

చప్పుళ్లన్నీ ఒకే రకం కాదు. ఆగకుండా ఒకేలా వచ్చే ఫ్యాన్ శబ్దంతో సిస్టమ్‌లు బాగానే నెట్టుకొస్తాయి. దాని ఆకారం మారదు కాబట్టి, అది మాట కాదని విడదీయడం తేలిక. పైగా ట్రైనింగ్ సమయంలోనే శుభ్రమైన రికార్డింగులకు ఇలాంటి చప్పుళ్లు కలిపి నేర్పిస్తారు. తలుపు దభాలున పడినా నష్టం ఒకటి రెండు మాటలకే. అన్నిటికంటే కష్టమైన చప్పుడు ఇంకో మనిషి గొంతు. దాని ఆకారం కూడా మాట ఆకారమే. పక్కవాళ్ల మాటలో ఒక ముక్క వచ్చి మన వాక్యంలో చేరితే, సిస్టమ్ దాన్ని చప్పుడుగా చూడదు, మన మాటగానే చూస్తుంది.

ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే ఒకరినే ఎలా వినగలుగుతున్నాం అన్న ప్రశ్నను కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త 1953లో శాస్త్రీయంగా పరిశీలించాడు. మనకు రెండు చెవులున్నాయి. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందు, ఇంకో చెవికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఒక మిల్లీసెకను కూడా ఉండదు. అయినా ఎవరు ఎటువైపు ఉన్నారో మెదడు దాంతోనే పసిగడుతుంది. ఒకే మైక్‌తో చేసిన రికార్డింగులో ఆ సమాచారం అసలే లేదు. అందుకే గదిలో పెట్టే స్మార్ట్ స్పీకర్లలో చాలావాటికి ఒకటి కంటే ఎక్కువ మైకులు ఉంటాయి. అయినా పని తేలిక కాలేదు. 2018లో జరిగిన చైమ్ అనే పోటీలో, ఇళ్లల్లో నలుగురేసి స్నేహితులు కలిసి భోంచేస్తూ మాట్లాడుకున్న రికార్డింగులు ఇచ్చారు. దూరంగా పెట్టిన మైకుల మీద నిర్వాహకులు ఇచ్చిన మొదటి సిస్టమ్ నూటికి 70కి పైగా మాటలు తప్పింది. పైకి చదివిన పుస్తకాల మీద రెండు శాతం, భోజనాల దగ్గర కబుర్ల మీద డెబ్బై శాతం. అక్కడ దూరం, ప్రతిధ్వని, ఒకరి మీద ఒకరు మాట్లాడటం, వంటింటి చప్పుళ్లు అన్నీ కలిశాయి.

వీటిలో దూరాన్ని జనం బాగా తక్కువ అంచనా వేస్తారు. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ మాట బలం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పది రెట్లయితే 20 డెసిబెల్స్, అంటే శక్తిలో నూరో వంతు. మైక్ నోటికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు మాట, చప్పుడు కంటే 25 డెసిబెల్స్ పైన ఉందనుకుందాం. అది హాయిగా పనిచేసే స్థితి. అదే మైక్‌ను మీటరు దూరంలో బల్ల మీద పెడితే తేడా 5 డెసిబెల్స్‌కు పడిపోతుంది. చప్పుడు పెరగలేదు, గది మారలేదు. గదిలో గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని వల్ల బలం అంతగా తగ్గకపోవచ్చు. కానీ ఆ ప్రతిధ్వని ఒక అక్షరం తోకను తర్వాతి అక్షరం మీదికి లాగుతుంది. హల్లు దగ్గర ఉండాల్సిన ఆ చిన్న మౌనం పూడిపోతుంది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ సర్దుబాటు కంటే ముందు, మైక్‌ను నోటికి దగ్గర చేయడమే చాలా సందర్భాల్లో పెద్ద తేడా తెస్తుంది.

చప్పుడు తీసేసే ఫిల్టర్ ముందుగా వేసి, ఆ తర్వాత సిస్టమ్‌కు ఇస్తే బాగుంటుందని చాలామంది అనుకుంటారు. వినడానికి అది నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ ఆ ఫిల్టర్ చప్పుడుతో పాటు బలహీనమైన హల్లుల్ని కూడా గీకేస్తుంది. గీకిన చోట సహజ ధ్వనిలో ఎప్పుడూ ఉండని మచ్చలు వదులుతుంది. సిస్టమ్ ట్రైనింగ్‌లో చప్పుడున్న మాటలు విని ఉంటుంది గానీ, ఇలా గీకిన మాటలు విని ఉండకపోవచ్చు. అందుకే ఫిల్టర్ వేసిన తర్వాత తప్పులు పెరగడం కూడా జరుగుతుంది. ఒకే రికార్డింగును ఫిల్టర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి నడిపి చూడకుండా దాన్ని నమ్మకూడదని నా అభిప్రాయం.

మాటే లేని చోట మాట

భాష ఊహ పూర్తిగా పగ్గాలు చేతిలోకి తీసుకుంటే ఏమవుతుందో మౌనం దగ్గర కనిపిస్తుంది. ఓపెన్ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ అనే సిస్టమ్‌ను ఇంటర్నెట్‌లో దొరికిన 6,80,000 గంటల రికార్డింగులతో ట్రైన్ చేశారు. చాలా మంచి సిస్టమ్ అది, చప్పుడును కూడా బాగా తట్టుకుంటుంది. కానీ రికార్డింగులో ఎవరూ మాట్లాడని భాగం వస్తే, కొన్నిసార్లు "చూసినందుకు ధన్యవాదాలు" అనే అర్థం వచ్చే వాక్యం రాసేస్తుంది. వీడియోల చివర సబ్‌టైటిళ్లలో అలాంటి వాక్యాలు కనిపించడం ఎంత మామూలో గుర్తు చేసుకుంటే, ఆ ఊహ ఎక్కడిదో తేలిగ్గానే అర్థమవుతుంది.

2024లో అలిసన్ కోనెకె అనే పరిశోధకురాలి బృందం దీన్ని పరీక్షించింది. మెదడు దెబ్బతినడం వల్ల మాట తడబడే అఫేసియా ఉన్నవాళ్లవీ, లేనివాళ్లవీ రికార్డింగులు తీసుకున్నారు. సుమారు ఒక శాతం రికార్డింగుల్లో, అక్కడ ఎవరూ అనని వాక్యాలో పదబంధాలో పూర్తిగా కొత్తగా పుట్టాయి. మాటల మధ్య ఎక్కువసేపు ఆగేవాళ్ల విషయంలో ఇది ఎక్కువగా జరిగింది. ఒక శాతం చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ మాట తప్పు వినడం వేరు, అనని వాక్యాన్ని ఒకరి నోట పెట్టడం వేరు. వైద్యం, విచారణ లాంటి చోట్ల ఆ రెండోదాన్ని ఏ శాతంలోనూ తేలిగ్గా తీసుకోలేం. పొడవైన మౌనాల్ని ముందే గుర్తించి కత్తిరించి, మాట ఉన్న భాగాల్నే సిస్టమ్‌కు పంపితే ఈ రకం తప్పు చాలావరకు తగ్గుతుంది.

యాస దగ్గర తప్పు ఇంకో రకం

చప్పుడు సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. యాస చెరపదు. సాక్ష్యం స్పష్టంగానే ఉంటుంది, కానీ సిస్టమ్ దాన్ని ఇంకో మాటగా చదువుతుంది. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే రెండింటికీ మందు వేరు.

తెలుగువాళ్లం ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు జరిగేది తీసుకుందాం. అమెరికన్ ఇంగ్లీష్‌లో "పిల్" అన్నప్పుడు పెదవులు విడిపోయిన తర్వాత గాలి ఒక ఊపున బయటికి వస్తుంది. గొంతు కంపించడం మొదలవడానికి 50, 60 మిల్లీసెకన్లు పడుతుంది. "బిల్" అన్నప్పుడు ఆ వ్యవధి చాలా తక్కువ, 20 మిల్లీసెకన్ల లోపే. వాళ్లు ఈ రెండింటినీ ప్రధానంగా వేరు చేసుకునేది ఆ వ్యవధితోనే. మన పకారంలో గాలి ఊపు ఉండదు. పెదవులు విడిపోయిన కాసేపటికే గొంతు మొదలవుతుంది. అంటే మనం పలికిన "పిల్" వాళ్ల "బిల్" ఉండే చోటే వచ్చి కూర్చుంటుంది. అమెరికన్ గొంతులతోనే నేర్చుకున్న సిస్టమ్‌కు "ప్లీజ్ చెక్ ద పిల్" అని చెబితే "చెక్ ద బిల్" అని రాయడానికి ధ్వని ఒక కారణం ఇస్తుంది. "చెక్" పక్కన "బిల్" ఎక్కువగా వస్తుంది కాబట్టి భాష ఇంకో కారణం ఇస్తుంది. రెండు సాక్ష్యాలూ ఒకే తప్పు వైపు మొగ్గుతాయి.

మనం నిజంగా "బిల్" అన్నప్పుడు ఏం జరుగుతుంది? మన బకారంలో పెదవులు విడిపోక ముందే గొంతు కంపిస్తుంది. ఆ గుర్తు ధ్వనిలో స్పష్టంగా ఉంది. అంటే మన పలుకుబడిలో పకారానికీ బకారానికీ మధ్య గీత ఉంది, అది అమెరికన్ గీత ఉన్న చోట లేదు, అంతే. మన ఉచ్చారణ అస్పష్టమని అనడానికి ఏ ఆధారమూ లేదు. మన గొంతులు తగినన్ని విని ఉంటే సిస్టమ్ ఆ గీతను ఏ ఇబ్బందీ లేకుండా నేర్చుకునేది.

ఈ విషయాన్ని 2020లో కోనెకె బృందమే చేసిన మరో పరిశోధన గట్టిగా చూపించింది. అమెజాన్, యాపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ సంస్థల సిస్టమ్‌లకు అమెరికాలోని నల్లజాతి, తెల్లజాతి వాళ్ల సంభాషణలు ఇచ్చారు. తెల్లజాతి వాళ్ల మాటల్లో సగటున 19 శాతం తప్పు పడితే, నల్లజాతి వాళ్ల మాటల్లో 35 శాతం తప్పు పడింది. ఆ తేడా వాడిన పదాల వల్లా, వాక్యాల తీరు వల్లా వచ్చిందా అని కూడా చూశారు. ఇద్దరూ అచ్చంగా అవే పదాలు పలికిన చోట కూడా తేడా అలాగే ఉంది. కాబట్టి లోపం ప్రధానంగా ధ్వనిని చదివే వైపే ఉందని తేల్చారు. ట్రైనింగ్‌లో ఎవరి గొంతులు తక్కువగా ఉన్నాయో వాళ్ల మాటలే ఎక్కువగా తప్పుతాయి.

భాషల మధ్య కూడా ఇదే జరుగుతుంది. విస్పర్ విన్న 6,80,000 గంటల్లో ఇంగ్లీష్ కాని 96 భాషలన్నిటికీ కలిపి దొరికింది 1,17,000 గంటలే. అది కూడా సమానంగా పంచుకున్నది కాదు. తక్కువ గంటలు దొరికిన భాషలో ఆ కొద్ది గంటలూ ఎవరు మాట్లాడినవి? ఎక్కువగా చదివి వినిపించే గొంతులు, వార్తల గొంతులు, ప్రసంగాల గొంతులు కావచ్చు. "వచ్చాను" విని ఉంటుంది. "వచ్చిన", "వచ్చినాను", "వొచ్చా" తక్కువగా విని ఉంటుంది. "నేను నిన్ననే వచ్చిన" అని ఒకరు చెబితే, "వచ్చిన" తర్వాత ఏదో నామవాచకం రావాలని సిస్టమ్ ఎదురుచూస్తుంది, "వచ్చిన మనిషి" అన్నట్టు. అది రాకపోతే తర్వాతి వాక్యంలోని మొదటి మాటను లాగి దీనికి అతికించవచ్చు, లేదా "వచ్చాను" అని సర్దేయవచ్చు. రెండో పని చూడటానికి తప్పులా అనిపించదు. కానీ ఒక మనిషి మాట్లాడిన తీరును చెరిపేసి ఇంకొకరి తీరులో రాయడం కూడా తప్పే. సాక్ష్యాలు, జానపద కథలు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసేవాళ్లకు అది పెద్ద నష్టం.

తప్పు దేనివల్లో ఎలా తెలుసుకోవాలి

ఒకరి రికార్డింగులో తప్పులు ఎక్కువగా వస్తుంటే, అవి యాస వల్లా, చప్పుడు వల్లా అని కనిపెట్టడానికి తేలికైన దారి ఉంది. అదే మనిషితో అవే వాక్యాల్ని నిశ్శబ్దమైన చోట, మైక్ దగ్గరగా పెట్టి రెండు మూడు సార్లు చెప్పించండి. తప్పులు మాయమైతే కారణం చప్పుడో దూరమో. అదే మాట దగ్గర అదే తప్పు ప్రతిసారీ వస్తుంటే అది యాస, లేదా సిస్టమ్‌కు తెలియని పదం. చప్పుడు తప్పులు చెదురుమదురుగా ఉంటాయి, ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ. యాస తప్పులకు ఒక క్రమం ఉంటుంది.

ఆ క్రమమే మందు దొరకడానికి ఆధారం. మనుషుల పేర్లు, మందుల పేర్లు, వృత్తి పదాలు ముందుగా జాబితాగా ఇస్తే చాలా సిస్టమ్‌లు వాటి వైపు కొంచెం మొగ్గు చూపుతాయి. జాబితా మరీ పెద్దదైతే ఎవరూ అనని చోట కూడా ఆ పేర్లే రాస్తాయి, కాబట్టి నిజంగా అవసరమైనవే ఇవ్వాలి. ఒక ప్రాంతం లేదా వర్గం వాళ్లందరి మాటా తప్పుతుంటే జాబితా సరిపోదు. వాళ్ల రికార్డింగులు, వాటికి మనుషులు రాసిన సరైన పాఠం జతచేసి మోడల్‌కు మళ్లీ నేర్పించాలి. చప్పుడు తప్పులకు ఈ రెండూ పెద్దగా పనిచేయవు. అక్కడ మార్చాల్సింది మైక్, దూరం, గది.

సిస్టమ్‌లు కొన్ని ఒక్కో మాట పక్కన నమ్మకం స్కోరు కూడా ఇస్తాయి. చప్పుడు తప్పుల దగ్గర అది తగ్గుతుంది కాబట్టి కొంత ఉపయోగమే. యాస తప్పుల దగ్గర మోసం చేస్తుంది. ధ్వని స్పష్టంగా ఉండి, తప్పు గీతకు అటువైపు పడింది కదా, సిస్టమ్ పూర్తి నమ్మకంతోనే తప్పు రాస్తుంది. అందువల్ల స్కోరు ఎంతున్నా అంకెలు, పేర్లు, "వద్దు", "లేదు", "కాదు" లాంటివి ఉన్న చోట్ల అసలు రికార్డింగు మళ్లీ వినడమే దారి. చెప్పేవాళ్లు మన చేతిలో ఉంటే ఇంకో ఉపాయం ఉంది. "వేసుకోవద్దు" బదులు "వేసుకోకూడదు" అనమని చెప్పవచ్చు. అప్పుడు "వేసుకోవచ్చు"తో తేడా ఒక్క హల్లు మీద నిలబడదు, రెండు మూడు అక్షరాల మీద పరుచుకుంటుంది. ఒక అక్షరం మునిగినా ఇంకోటి మిగులుతుంది.

తప్పుల్ని అంకెల్లో కొలిచే పద్ధతి పేరు వర్డ్ ఎర్రర్ రేట్. మారిపోయిన మాటలు, రాలిపోయిన మాటలు, కొత్తగా చేరిన మాటలు కలిపి, అసలు ఉన్న మాటల సంఖ్యతో భాగిస్తారు. మన వాక్యంలో అయిదు మాటలు, తప్పు ఒకటి, అంటే 20 శాతం. "తగ్గాక" బదులు "తగ్గాకా" అని రాసి మిగతాదంతా సరిగా రాసినా అదే 20 శాతం. ఒకటి మనిషి ఆరోగ్యానికే ముప్పు, ఇంకోటి ఎవరూ పట్టించుకోని దీర్ఘం. కొలతకు ఆ తేడా తెలియదు. పైగా తెలుగులో మాటలు కలిసిపోతాయి. "ఏం చేశావు" అన్నదాన్ని "ఏంచేశావు" అని కలిపి రాస్తే, ఒక మాట మారినట్టూ ఒక మాట రాలినట్టూ రెండు తప్పులు లెక్కలోకి వస్తాయి, విన్నది మాత్రం పూర్తిగా సరైనదే. అందుకే తెలుగుకు అక్షరాల స్థాయిలో తప్పుల శాతం కూడా చూడటం మంచిది. ఇంగ్లీష్ అంకెతో తెలుగు అంకెను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఏదైనా సంస్థ తన పనికి ఇలాంటి సిస్టమ్ ఎంచుకునేటప్పుడు సగటు అంకె దగ్గర ఆగిపోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. పదిమంది రికార్డింగులతో పరీక్షించారనుకుందాం, ఒక్కొక్కరివీ సమాన సంఖ్యలో మాటలు. ఎనిమిది మందికి 6 శాతం తప్పులు, ఇద్దరికి 40 శాతం. సగటు 12.8 శాతం వస్తుంది, కాగితం మీద బాగానే కనిపిస్తుంది. కానీ 12.8 శాతం అనుభవించేవాళ్లు ఆ పదిమందిలో ఒక్కరూ లేరు. ఎనిమిది మందికి సిస్టమ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఇద్దరికి అసలు పనికిరాదు. ఒక్కో మనిషికి విడిగా శాతం రాసి, ఆ ఇద్దరినీ నిశ్శబ్దమైన గదిలో మళ్లీ చదివించి, అప్పుడూ 40 దగ్గరే ఉంటే వాళ్ల గొంతులతో నేర్పించేదాకా వాళ్ల మాటల్ని మనిషి చేతే రాయించాలి.